సారు చెప్పారని చేస్తే తప్పు పోతుందా?

సత్యం కంప్యూటర్స్ కేసులో 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు పది మందికి ఏడేళ్ల జైలు విధించింది. ఛైర్మన్‌తోపాటు ఫైనాన్స్ విభాగపు మాజీ ఉద్యోగులూ అందులో ఉన్నారు. తర్వాత అప్పీలులో శిక్షల అమలు నిలిచింది.

దొంగ బిల్లని తెలిసీ తయారుచేస్తే, ‘పైవాళ్లు చెప్పారు’ అన్న మాట రక్షించదు. భారతీయ న్యాయ సంహిత 32వ సెక్షన్ బెదిరింపును సాకుగా ఒప్పుకునేది అక్కడికక్కడే ప్రాణం పోతుందన్న భయం ఉన్నప్పుడే. హత్యకు అదీ చెల్లదు. ఉద్యోగం పోతుందన్న భయం లెక్కలోకి రాదు. మోసమని నిజంగా తెలియకపోతే సంగతి వేరు.

కాదనే హక్కూ ఉంది. నమూనా స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం చట్టబద్ధమైన, సమంజసమైన ఆదేశాన్ని ధిక్కరిస్తేనే దుష్ప్రవర్తన. నోటిమాటగా చెబితే, ‘ఈ బిల్లుకు ఆధారం లేదు, రాతపూర్వకంగా ఇవ్వండి’ అని మెయిల్ పెట్టండి. రాసిచ్చినా, దొంగ బిల్లు మాత్రం చేయకండి.