గ్రూప్ డిస్కషన్‌లో తొలి అరనిమిషం

ప్రాంగణ నియామకాల్లో రాత పరీక్ష గట్టెక్కిన విద్యార్థులను కొన్ని కంపెనీలు 8 నుంచి 12 మంది చొప్పున కూర్చోబెట్టి గ్రూప్ డిస్కషన్ పెడతాయి. ఒక పక్కన ఒకరిద్దరు ప్యానెల్ సభ్యులు కూర్చుని, ఎవరెలా మాట్లాడుతున్నారో రాసుకుంటూ ఉంటారు. విషయం చెప్పి, ఆలోచించుకోవడానికి ఒకటి రెండు నిమిషాలిచ్చి, ఇక మొదలుపెట్టండి అంటారు. ఆ తర్వాత సాధారణంగా వాళ్లు కలగజేసుకోరు. ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్నది అభ్యర్థులే తేల్చుకోవాలి.

పదిమందికి 15 నిమిషాలు ఇచ్చారనుకుంటే తలా 90 సెకన్లు వస్తాయి. మొదట మాట్లాడే అభ్యర్థి తన పేరు, ఊరు, కుటుంబం, మార్కులు, అభిరుచులు చెప్పుకుంటూ 40 సెకన్లు తీసుకుంటే, విషయం జోలికి పోకుండానే తన వాటాలో దాదాపు సగం ఖర్చయిపోతుంది. ఆ వివరాలకు చోటు ఇంటర్వ్యూలో ఉంది. గ్రూప్ డిస్కషన్‌లో ఆరంభమంతా కలిపి అరనిమిషం, అందులో పరిచయం పది సెకన్లు దాటకపోతే సరిపోతుంది. పేరు, చదువుతున్న కోర్సు చెప్పాలి. చర్చిస్తున్న విషయంతో తనకు నిజంగా సంబంధం ఉంటే అదీ ఒక్క ముక్కలో చెప్పాలి. ఈ మూడోదే అన్నిటికన్నా విలువైనది. మాట్లాడుతున్న మనిషి ఏ అనుభవంతో మాట్లాడుతున్నారో అది తెలియజేస్తుంది. పెద్దరికం మాత్రం మీద వేసుకోదు. కొన్ని ప్యానెళ్లు చర్చకు ముందే అందరినీ వరసగా పరిచయం చేసుకోమంటాయి. అలాంటప్పుడు చర్చ మొదలుపెట్టేవారు పేరు మళ్లీ చెప్పనక్కర్లేదు, నేరుగా విషయంలోకి వెళ్లాలి.

‘ఉద్యోగులు ఇంటి నుంచి పనిచేయడం మంచిదేనా’ అన్న విషయం ఇచ్చారనుకుందాం. ఒక అభ్యర్థి తన పేరు చెప్పి, అందరికన్నా ముందు మాట్లాడే అవకాశం దక్కినందుకు సంతోషం ప్రకటించి, ఇంటి నుంచి పని కచ్చితంగా మంచిదేనంటూ ఖర్చు, ప్రయాణం, ఆరోగ్యం, కుటుంబం అని నాలుగు కారణాలు ఏకరువు పెట్టారు. గొంతులో ధైర్యం ఉంది. కానీ తర్వాతి వారికి మిగిలింది ఔననడం, లేదా కాదనడం. చర్చ రెండు పక్షాల వాదులాటగా మారడానికి ఇలాంటి ఆరంభమే చాలు.

అదే విషయాన్ని మరో అభ్యర్థి ఇలా మొదలుపెట్టవచ్చు: “నా పేరు ఫలానా, సివిల్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరం. మొన్న వేసవిలో ఒక నిర్మాణ సంస్థలో ఇంటర్న్‌షిప్ చేశాను. డ్రాయింగులు వేసేవాళ్లు ఇంట్లో కూర్చుని వేయగలరు, సైట్ ఇంజినీర్‌కు అది కుదరదు. కాబట్టి ఇది పనిని బట్టి మారుతుందని నా అభిప్రాయం. ఏ పనులకు కుదురుతుంది, కుదిరిన చోట ఉద్యోగికీ సంస్థకూ ఏం ఒరుగుతుంది, ఈ రెండూ చూస్తే బాగుంటుంది. మొదటిదాని గురించి మీరేమంటారు?” మామూలు వేగంతో చెబితే ఇది అరనిమిషానికి కాస్త అటూ ఇటూగా పూర్తవుతుంది. ఇందులో అభిప్రాయం స్పష్టంగానే ఉంది, దానికి ఆధారమూ ఉంది. అయితే చర్చ సాగాల్సిన దారి చూపించి, ఆ దారిలో చెప్పాల్సిన మాటలను మిగతావారికి వదిలిపెట్టింది.

చివరి ప్రశ్నకు ప్రత్యేకమైన పని ఉంది. సంభాషణలో వంతులు ఎలా మారతాయన్నది హార్వే శాక్స్, ఇమాన్యుయెల్ షెగ్లాఫ్, గెయిల్ జెఫర్సన్ 1974లో వివరించారు. మాట్లాడుతున్నవారు తర్వాతి మనిషిని ఎంచుకోవచ్చు; ఎంచుకోకపోతే ముందుగా నోరు తెరిచినవారికి వంతు దక్కుతుంది; ఎవరూ అందుకోకపోతే మొదటి మనిషే కొనసాగించవచ్చు. గ్రూప్ డిస్కషన్ ఆరంభంలో ఒకరిని వేలెత్తి చూపి అడిగితే, ఇంకా సిద్ధపడని మనిషి ఇబ్బందిలో పడతారు. అందరివైపూ చూస్తూ అడిగితే సిద్ధంగా ఉన్నవారే అందుకుంటారు. అడిగాక రెండు మూడు సెకన్ల నిశ్శబ్దం వస్తే కంగారుపడి మళ్లీ తానే మాట్లాడకూడదు. చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు.

ఇద్దరు ఒకేసారి మొదలుపెడితే, “మీరు చెప్పండి, మీ తర్వాత నేను చెబుతాను” అని ఆగడం మేలు. అవకాశం పోలేదు, వరస ఖాయమైంది. మొదలుపెట్టిన అభ్యర్థి ఆ తర్వాత కనీసం ఇద్దరు ముగ్గురు మాట్లాడేదాకా వినాలి. వాళ్ల పేర్లు కూర్చున్న వరసలో కాగితం మీద రాసుకుంటే, తర్వాత వారి మాటను పేరుతో సహా ప్రస్తావించవచ్చు.

ఆరంభం పనిచేసిందో లేదో త్వరలోనే తెలిసిపోతుంది. తర్వాతి వారు ఆ ప్రశ్నను పట్టుకుని మాట్లాడినా, దానికి మూడో కోణం జోడించినా అది పనిచేసినట్టే. ఎవరికివారు సిద్ధం చేసుకున్నది అప్పజెబుతుంటే దారి అందలేదని అర్థం. అప్పుడు రెండోసారి వంతు వచ్చినప్పుడు, అప్పటిదాకా వచ్చిన మాటల్లో రెండిటిని కలిపి చెప్పి ప్రశ్నను మళ్లీ ముందుకు తేవాలి.

ముందు మాట్లాడితే ప్యానెల్ గమనిస్తుంది. అయితే ఆ మాటలో సరుకు లేకపోయినా అంతే ముందుగా గమనిస్తుంది. విషయం తెలియనప్పుడు మూడో మనిషిగా అందుకోవడమే సరైన నిర్ణయం.