పాత లెక్కలు లేని వస్తువుకు ధర కట్టేదెలా?

విజయవాడ ఆటోనగర్‌లో ఒక వెల్డింగ్ షాపు ఉందనుకుందాం. పదేళ్లుగా గేట్లు, గ్రిల్స్, రేకుల షెడ్లు చేస్తున్నారు. గుంటూరు నుంచి ఒక కోల్డ్ స్టోరేజీ యజమాని డ్రాయింగు పట్టుకొని వచ్చాడు. మిర్చి బస్తాలు లోపలికీ బయటికీ తోయడానికి రెండు చక్రాల ట్రాలీలు కావాలి. వంద చెయ్యాలి. ‘ఒక్కోటి ఎంతకిస్తారు?’ అన్నది ప్రశ్న.

ఈ షాపులో అలాంటి ట్రాలీ ఇంతవరకు ఒక్కటీ తయారు కాలేదు. ఉన్నవి గేట్ల బిల్లులు మాత్రమే. ఇలాంటప్పుడు చాలామంది చేసే పని, చేతిలో ఉన్న కిలో రేటుతో గుణించెయ్యడం. గేట్లకు మజూరీ కిలోకు 12 రూపాయలు తీసుకుంటున్నారు. ట్రాలీలో ఇనుము తొమ్మిదిన్నర కిలోలకు కాస్త తక్కువ ఉంటుంది, కాబట్టి మజూరీ 113 రూపాయలని రాసేస్తారు. తప్పు ఇక్కడే మొదలవుతుంది. గేటులో పొడవాటి, బరువైన ముక్కలు ఉంటాయి, అతుకులు తక్కువ. ట్రాలీలో ముక్కలు చిన్నవి, అతుకులు ఎక్కువ. వెల్డరుకు పని పెట్టేది అతుకు, కిలో కాదు. అందుకే గేటు లెక్క ట్రాలీకి పనికిరాదు.

పాత రికార్డుల మీద ఆధారపడే అంచనా పద్ధతులన్నిటిదీ ఇదే ఇబ్బంది. గత నెలల ఖర్చునూ ఉత్పత్తినీ పక్కపక్కన పెట్టి గీత గీసి, వచ్చే నెల ఖర్చు చెప్పే పద్ధతి ఎంత బాగున్నా, పక్కన పెట్టడానికి ముందు గతమంటూ ఒకటి ఉండాలి కదా. అది లేనప్పుడు కాస్టింగ్ వాళ్లు వాడే దారిని ఇంజనీరింగ్ పద్ధతి అంటారు. ఇందులో ఖాతా పుస్తకం బదులు డ్రాయింగుతో మొదలుపెడతారు. ఈ వస్తువు తయారవ్వాలంటే ఏ సరుకు ఎంత పడుతుంది, ఏ పని ఎన్ని నిమిషాలు పడుతుంది అన్నది ముందు తేల్చుకొని, ఆ తర్వాతే వాటిని రూపాయల్లోకి మారుస్తారు. మన ట్రాలీతోనే ఆ లెక్క వేసి చూద్దాం. ఇందులోని రేట్లూ జీతాలూ పని సమయాలూ లెక్క చూపడానికి అనుకున్నవే. ఎవరి షాపులో వాళ్లవి వేరుగా ఉంటాయి.

ముందు సరుకు. డ్రాయింగు ప్రకారం నిలువు కమ్మీలు రెండు, ఒక్కోటి 1,200 మిల్లీమీటర్లు. అడ్డ ముక్కలు నాలుగు, ఒక్కోటి 350. ఊతంగా రెండు ఏటవాలు ముక్కలు, ఒక్కోటి 400. అన్నీ 25 మిల్లీమీటర్ల చదరపు పైపు, 2 మిల్లీమీటర్ల మందం. కూడితే ట్రాలీకి 4.6 మీటర్లు, వంద ట్రాలీలకు 460 మీటర్లు. పైపు 6 మీటర్ల పొడవులో వస్తుంది కాబట్టి, భాగిస్తే 77 పైపులు చాలని కాగితం మీద తేలుతుంది.

అయితే రంపానికి కూడా మందం ఉంటుంది. కటింగ్ చక్రం ప్రతి కోతలోనూ సుమారు 3 మిల్లీమీటర్ల పైపును పొడి చేసేస్తుంది. 6,000లో 1,200 అయిదుసార్లు సరిగ్గా పోతుంది కదా అని అయిదు నిలువు కమ్మీలు రాసుకుంటే, నాలుగు కోతలయ్యాక మిగిలేది 1,188 మాత్రమే. ‘అయిదో ముక్క పన్నెండు మిల్లీమీటర్లు పొట్టిగా వస్తుందండీ’ అని చెప్పేది కోసే మనిషే, అదీ పైపులు కొన్న తర్వాత. అంటే పైపుకు నాలుగే వస్తాయి, రెండు వందల కమ్మీలకు 50 పైపులు పడతాయి.

మిగిలిన 1,188 ముక్క తుక్కులోకి పోవాలా? ఒక్కో దాంట్లో మూడు అడ్డ ముక్కలు తీయొచ్చు. అలా ముందే రాసుకుంటే నాలుగు వందల అడ్డ ముక్కల్లో 150 అక్కడే వచ్చేస్తాయి, తక్కిన 250కి 16 పైపులు, ఏటవాలు ముక్కలకు 15 పైపులు. మొత్తం 81. అలా రాసుకోకుండా దేనికది కొత్త పైపు కోస్తూ పోతే 90. కాగితం మీది 77, ప్రణాళికతో 81, ప్రణాళిక లేకుండా 90. మూడూ ఒకే డ్రాయింగు నుంచి వచ్చిన అంకెలే. పైపు సుమారు ఎనిమిదిన్నర కిలోలు, కిలో 70 రూపాయలు అనుకుంటే ట్రాలీకి పైపు ఖర్చు వరుసగా 458, 482, 535 రూపాయలు. మనం 482 రాసుకుందాం. దానికి అడుగు రేకు, ఇరుసు, రెండు చక్రాలు, పిడుల తొడుగులు, వెల్డింగ్ రాడ్లు, పెయింటు కలిపి ఇంకో 693. సరుకు మొత్తం 1,175 రూపాయలు.

ఇక సమయం. ఇక్కడ డ్రాయింగులో అతుకులు లెక్కపెట్టాలి. అడ్డ ముక్కలకు ఎనిమిది, ఏటవాలు వాటికి నాలుగు, అడుగు రేకుకు రెండు, ఇరుసుకు రెండు, మొత్తం పదహారు. అతుకుకు 90 మిల్లీమీటర్ల వెల్డింగ్ అనుకుంటే దాదాపు మీటరున్నర. చేతి వెల్డింగ్ నిమిషానికి 150 మిల్లీమీటర్లు నడుస్తుందనుకుంటే పది నిమిషాల పని. చాలామంది అంచనాలు ఈ పది నిమిషాల దగ్గరే ఆగిపోతాయి. నిప్పు వెలుగుతున్న సమయం వెల్డరు పని సమయంలో చిన్న భాగం. ముక్కను సరిగ్గా పట్టించడం, టాక్ వెయ్యడం, మూలమట్టం చూడటం, తిప్పి పెట్టడం, రాడ్డు మార్చడం, స్లాగ్ కొట్టడం అన్నీ కలిపితే, చేతి వెల్డింగ్‌లో నిప్పు వెలిగే వాటా మామూలుగా 20 నుంచి 30 శాతమే ఉంటుంది. నాలుగో వంతు వేసుకుంటే పది నిమిషాల వెల్డింగ్ 40 నిమిషాల పని అవుతుంది.

మిగతా పనులకు ఇలా లెక్కగట్టడం కుదరనప్పుడు, రెండు మూడు నమూనాలు చేయించి గడియారం పట్టుకొని చూస్తారు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. నమూనా ఎప్పుడూ షాపులో అందరికన్నా చెయ్యి తిరిగిన మనిషికే ఇస్తారు. ఒక పని అతనికి 8 నిమిషాలు పట్టిందనుకోండి. చూసేవాడికి అతని వేగం మామూలు పనివాడికంటే అయిదో వంతు ఎక్కువ అనిపిస్తే, 8ని 1.2తో గుణించి 9.6 నిమిషాలు రాసుకోవాలి. ఆపైన మంచినీళ్లు, అలసట, చిన్నచిన్న ఆటంకాల కోసం 15 శాతం కలిపితే 11 నిమిషాలు. గడియారం చూపిన 8 నిమిషాలనే పట్టుకొని వందకు ధర చెప్తే, ఆ ఒక్క పనిలోనే మూడు వందల నిమిషాలు లెక్కలోకి రాకుండా పోతాయి.

అసలు నమూనా కూడా చేయకుండా సమయం చెప్పే పద్ధతి పెద్ద ఫ్యాక్టరీల్లో ఉంది. 1948లో అమెరికాలో మేనార్డ్, స్టెగెమెర్టెన్, ష్వాబ్ అనే ముగ్గురు ఎంటీఎం అనే పద్ధతిని పుస్తకంగా ప్రచురించారు. చెయ్యి చాచడం, పట్టుకోవడం, జరపడం, వదలడం లాంటి కదలికలకు ముందే కట్టిన సమయాలు అందులో పట్టికలుగా ఉంటాయి. దాని కొలత గంటలో లక్షో వంతు. రోజూ వేల సంఖ్యలో ఒకే పని జరిగే అసెంబ్లీ లైనుకు అది పనికొస్తుంది. వంద ట్రాలీల షాపుకు గడియారం చాలు.

మన ట్రాలీకి కోత, గరుకు తీయడం 14 నిమిషాలు, రేకు పని 5, వెల్డింగ్ 40, గ్రైండింగ్, సాపు చెయ్యడం 13, పెయింటు 12, చక్రాలు బిగించడం 8. మొత్తం 92. పదిహేను శాతం విరామం కలిపితే 106 నిమిషాలు. పీఎఫ్, సెలవులు, బోనసు కలుపుకొని మనిషి గంటకు 110 రూపాయలు పడుతున్నాడనుకుంటే మజూరీ 194 రూపాయలు. కిలో రేటు చెప్పిన 113తో దీన్ని పోల్చి చూడండి.

ఈ జాబితాలో ‘సాపు చెయ్యడం’ అన్న మాట చూశారా? నిజానికి చాలామంది రాయడం మరిచిపోయే పని అదే. పలుచని పైపుకు ఒకవైపు వెల్డింగ్ చేస్తే వేడికి ఫ్రేము లాగేసుకొని వంకరపోతుంది, దాన్ని కొట్టి సరిచెయ్యాలి. పని రాసుకొని, సమయం కాస్త తప్పు వేస్తే అంచనా కొద్దిగానే తప్పుతుంది. పనినే రాయకపోతే ఆ సమయం మొత్తం పోతుంది. సరుకు మోసుకురావడం, పెయింటు ఆరేదాకా ఆక్రమించే చోటు, లోడింగు కూడా ఇలాగే జారిపోతాయి. దీనికి నాకు తెలిసిన మంచి మందు ఒక్కటే. జాబితాను ఆఫీసు గదిలో రాయకూడదు. నమూనా చేస్తున్న మనిషి పక్కన నిలబడి, అతని చెయ్యి చేసిన ప్రతి పనినీ వరసగా రాయాలి.

ఒక్కసారే పడే ఖర్చు ఇంకొకటి ఉంది. ఫ్రేము ప్రతిసారీ ఒకే కొలతలో రావాలంటే ముక్కల్ని బిగించి పట్టే ఫిక్చరు ఒకటి చేసుకోవాలి. దానికి 6,000 అవుతుందనుకుంటే వంద ట్రాలీలకు ఒక్కోదాని మీద 60 రూపాయలు. ఆర్డరు ఇరవైకే తగ్గితే 300. చెయ్యి అలవాటు పడేదాకా పట్టే సమయమూ ఇలాంటిదే. 1936లో టి.పి. రైట్ అనే అమెరికన్ ఇంజనీరు విమానాల తయారీలో దీన్ని లెక్కగట్టాడు. మొత్తం సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ ఒక్కో విమానానికి పట్టే సగటు శ్రమ సుమారు 20 శాతం తగ్గుతోందని చూపించాడు. ట్రాలీలో అంత తగ్గుదల ఆశించకూడదు. మొదటి పదింటికి ఒక్కోదానికి గంట అదనంగా పడుతుందని వేసుకుంటే 1,100 రూపాయలు, వందకు పంచితే 11 రూపాయలు. అందుకే ఎన్ని కావాలో తెలియకుండా ధర చెప్పడం కుదరదు. వందకు చెప్పిన ధరనే ఇరవైకి ఒప్పుకుంటే నష్టం ఖాయం.

ఇంతవరకు ఈ పద్ధతి బలంగా ఉంది. అద్దె, మేనేజరు జీతం, ఫోను, ఆడిటరు ఫీజు దగ్గరికి వచ్చేసరికి బలహీనపడుతుంది. ట్రాలీకీ షాపు అద్దెకూ మధ్య కొలవగల సంబంధం ఏమీ లేదు. అక్కడ పంచుకోవడమే దారి. నెలకు ఇలాంటి ఖర్చు 60,000, నలుగురు పనివాళ్ల గంటలు 800 అనుకుంటే గంటకు 75, ట్రాలీకి 133 రూపాయలు. ఇది నలుగురికీ నెలంతా పని ఉంటుందన్న నమ్మకం మీద వేసిన అంకె. పని సగమే ఉంటే ఈ 75 కాస్తా 150 అవుతుంది. కాబట్టి దీన్ని కొటేషనులో విడిగా ఉంచుకొని, బేరం వచ్చినప్పుడు ఎక్కడ తగ్గుతున్నామో తెలిసి తగ్గాలి. సరుకులోనూ మజూరీలోనూ తగ్గడానికి వీల్లేదు.

అన్నీ కూడితే ట్రాలీకి 1,573 రూపాయలు, లాభం కలపకుండా. కిలో రేటుతో, భాగించి తెచ్చిన 77 పైపులతో, ఫిక్చరును మరిచి ధర చెప్పి ఉంటే మజూరీలో 8,100, పైపులో 2,400, ఫిక్చరులో 6,000 కలిపి వంద ట్రాలీల మీద 16,500 రూపాయలు షాపు చేతి నుంచి పోయేవి.

ఈ 1,573 కూడా అంచనాయే. మొదటి ఇరవై ట్రాలీలు దిగాక వాడిన పైపులు లెక్కపెట్టి, పట్టిన గంటలు రాసి, ఒక్కో పనినీ అంచనా పక్కన పెట్టి చూడాలి. వెల్డింగ్ 40 బదులు 52 నిమిషాలు పడుతుంటే అది పని జరుగుతుండగానే తెలియాలి, ఆర్డరు ముగిశాక కాదు. మీరు షాపు యజమానులైతే ఆ ఇరవై ట్రాలీల కాగితాన్ని పారెయ్యకండి. రేపు ఇంకో కోల్డ్ స్టోరేజీ మూడు వందల ట్రాలీలు అడిగితే మీ దగ్గరున్న మొదటి పాత రికార్డు అదే.