తలుపు తెరవకముందే అడ్వాన్సు

ఉద్యోగం కొండాపూర్‌లో, మనిషి వరంగల్‌లో. సోమవారం చేరాలి, ఈలోపే ఇల్లు చూసుకోవాలి. అద్దె ఇంటి పేరుతో మోసం చేసేవాళ్లకు కావలసింది సరిగ్గా ఇలాంటి తొందరే. మోసం తీరు దాదాపు అందరి విషయంలో ఒక్కటే కాబట్టి, ఒక అమ్మాయికి జరిగినట్టుగా వరసలో చెబుతాను.

ఆమె ఫోన్‌లో ఒక సైట్ చూసింది. గేటెడ్ కమ్యూనిటీలో రెండు పడగ్గదుల ఫ్లాటు, సోఫా, ఏసీ, ఫ్రిజ్ అన్నీ ఉన్నాయి, అద్దె 16,000. అదే ప్రాంతంలో అలాంటివి దాదాపు రెట్టింపు చెబుతున్నారు. వాట్సాప్ చేస్తే నిమిషంలో జవాబు వచ్చింది. తాను సైన్యంలో ఉన్నానని, జమ్మూకు బదిలీ అయిందని, మంచి కుటుంబానికి ఇస్తే చాలని ఓనరు చెప్పాడు. అడక్కుండానే తన ఐడీ కార్డు, ఆధార్ ఫొటోలు పంపాడు. "ఇల్లు ఈరోజే చూసుకోండి మేడమ్. మా సొసైటీలో విజిటర్ పాస్ లేనిదే గేటు దాటనివ్వరు. 1,999 కట్టండి, చూసి వచ్చాక తిరిగి వేసేస్తారు" అన్నాడు.

ఆమె కట్టింది. కాసేపటికి అతను మళ్లీ ఫోన్ చేశాడు. పాస్ సిద్ధమైంది కానీ ఇంకో పార్టీ సాయంత్రం అడ్వాన్సు వేస్తానంటోందని, ఇల్లు మీకే ఉంచాలంటే ఒక నెల అద్దె పంపమని చెప్పాడు. 16,000 పంపింది. ఆ తర్వాత, డబ్బు సిస్టమ్‌లో ఎక్కలేదని, అంతే మొత్తం ఇంకోసారి పంపితే రెండూ కలిపి వెనక్కి వస్తాయని అన్నాడు. ఇక్కడ ఆమెకు అనుమానం వచ్చింది. అప్పటికే 17,999 పోయింది.

మొదట అడిగింది అంత చిన్న మొత్తం ఎందుకో గమనించండి. అతనికి ఆ రెండువేల మీద ఆశ లేదు. చూడని ఇంటికి డబ్బు కట్టే మనిషి దొరికిందా లేదా అన్నది దాంతో తేలుతుంది. ఒకసారి కట్టినవాళ్లు ఆ డబ్బు దక్కించుకోవడానికే రెండోసారి కడతారు. అందుకే ప్రతిసారీ "తిరిగి వస్తుంది" అన్న మాట వినిపిస్తుంది. నిజానికి ఇల్లు చూడటానికి వచ్చినవాళ్ల దగ్గర అపార్ట్‌మెంట్లు రుసుము తీసుకోవు. గేటు దగ్గర రిజిస్టర్‌లో పేరు రాయిస్తారు, లేదా సెక్యూరిటీ యాప్ నుంచి ఓనరు ఫోన్‌కు కబురు వెళ్తుంది, ఆయన అనుమతిస్తే లోపలికి పంపుతారు. ఓనరు జమ్మూలో ఉన్నా ఆ పని క్షణంలో అయిపోతుంది. పాస్‌కు డబ్బు అడిగారంటే ఇంకేమీ ఆలోచించనక్కర్లేదు, ఆ ఇల్లు వదిలేయాలి.

ఇక సైట్ సంగతి. అడ్రసు పక్కన తాళం గుర్తు ఉంటే అసలైన సైటేనని చాలామంది అనుకుంటారు. మన ఫోన్‌కూ ఆ సైట్‌కూ మధ్య వెళ్లే సమాచారం దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే ఆ తాళం చెబుతుంది. సైట్ నడిపేది దొంగా దొరా అన్నది దానికి తెలియదు. ఆ సర్టిఫికెట్ ఎవరికైనా ఉచితంగా, నిమిషాల్లో దొరుకుతుంది.

చదవాల్సింది అడ్రసును. పేరున్న సైట్‌ను పోలిన నకిలీ సైట్ అడ్రసు ఇలా ఉండవచ్చు:

```
peddasite.com.visit-pass.example/flat/2210
```

ముందు కనిపించే `peddasite.com` చూసి నమ్మేస్తాం. కానీ మొదటి ఏటవాలు గీత దగ్గర ఆగి, అక్కణ్నుంచి వెనక్కి చదవాలి. చివరి ముక్క, దానికి ముందున్న పేరు కలిస్తే అదే సైట్ యజమాని చిరునామా. ఇక్కడ అది `visit-pass.example`. దానికి ఎడమవైపు ఏ పేరైనా తగిలించుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. చివర `co.in` లాంటి జంట ముక్క ఉంటే ఆ రెంటినీ ఒకటిగా లెక్కేసి, వాటికి ముందున్న పేరు చూడాలి.

ఆ పేరు ఎప్పుడు నమోదైందో `lookup.icann.org` లో వెతికితే చాలా సైట్ల విషయంలో తెలుస్తుంది. "పదేళ్లుగా మీ సేవలో" అని రాసుకున్న సైట్ పేరు మూడు వారాల కిందట నమోదైతే అది అబద్ధమని తేలిపోయినట్టే. అయితే పాత తేదీ కనిపించినంత మాత్రాన భరోసా పడకూడదు, పాత పేర్లనూ కొనుక్కోవచ్చు. పైగా నిజమైన పెద్ద సైట్లలో కూడా నకిలీ ప్రకటనలు దూరుతాయి. సైట్ అసలుదైనా అందులోని ఇల్లు అసలుదని చెప్పలేం. ఫొటోలను గూగుల్ లెన్స్‌లో వెతికితే అదే హాలు పుణెలోనో ఢిల్లీలోనో కనిపించవచ్చు. కనిపించకపోతే మాత్రం ఏమీ తేలనట్టే.

కాబట్టి సైట్‌ను ఎంత పరీక్షించినా, చివరకు పరీక్షించాల్సింది ఇంటినే. ఈ మోసగాడి చేతిలో ఫొటోలు, కార్డులు, కథలు ఉన్నాయి. లేనిది ఇల్లొక్కటే. తాళం చెవి ఉన్నవాడు మాత్రమే చేయగలిగే పని అడగండి. "ఇప్పుడే వీడియో కాల్ చేసి, వంటగదిలో కుళాయి తిప్పి, అలాగే బాల్కనీలోకి వెళ్లి కింద గేటు చూపించండి" అనండి. తాను ఊళ్లో లేనంటే వాచ్‌మన్‌తోనో పక్కింటివాళ్లతోనో చేయించమనండి. ముందే తీసిన వీడియో పంపితే లెక్కలోకి తీసుకోవద్దు. మీరు వెళ్లలేకపోతే ఆ ఊళ్లో ఉన్న స్నేహితుణ్ని గేటు దాకా పంపండి. ఆ నంబరు ఫ్లాటు ఖాళీగా ఉందా, ఓనరు ఎవరు అని వాచ్‌మన్‌ను అడిగితే చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

పంపిన ఐడీ కార్డు దేనికీ సాక్ష్యం కాదు. అది దొంగిలించిన కార్డు కావచ్చు, మార్చి తయారుచేసిందీ కావచ్చు. అగ్రిమెంటు కోసమంటూ మీ ఆధార్ కూడా అడుగుతారు. ఇస్తే, తర్వాతి మనిషికి "ఓనరు ఆధార్" పేరుతో వెళ్లేది మీదే కావచ్చు. ఇంతకన్నా యూపీఐలో డబ్బు పంపేముందు తెర మీద కనిపించే పేరు నయం, అది బ్యాంకు ఖాతాలో ఉన్న పేరు. ఓనరు ఒకరు, ఖాతా పేరు ఇంకొకరిది అయితే "మా అకౌంటెంటు", "సొసైటీ ఖాతా" అని చెబుతారు. ఎవరిదో ఖాతా అద్దెకు తీసుకుని వాడటం ఈ ముఠాలకు మామూలే. ఆ మాట విన్నాక డబ్బు పంపొద్దు.

ఇల్లు కళ్లారా చూసి, పెద్ద అడ్వాన్సు ఇచ్చే ముందు ఇంకొక్కటి అడగండి: తాజా కరెంటు బిల్లు. అందులోని సర్వీసు నంబరును పేమెంట్ యాప్‌లో మీరే కొట్టి చూస్తే సాధారణంగా వినియోగదారు పేరు వస్తుంది. పేరు కలవకపోతే వెంటనే దొంగ అనుకోనక్కర్లేదు, కొత్త ఫ్లాట్లలో బిల్లు ఇంకా బిల్డర్ పేరునే ఉండొచ్చు. అప్పుడు సేల్ డీడ్ కాపీ చూపించమనాలి. నిజమైన ఓనరుకు అది కష్టమైన పని కాదు.

డబ్బు పోయిందని తెలియగానే 1930కి ఫోన్ చేయాలి. సిగ్గుతో, "రేపు వేస్తానన్నాడు కదా" అన్న ఆశతో చాలామంది ఆగిపోతారు, అక్కడే నష్టపోతారు. ఫిర్యాదు అందితే ఆ డబ్బు చేరిన ఖాతాలో ఇంకా మిగిలి ఉన్నదాన్ని బ్యాంకు నిలిపివేయగలదు, కానీ ముఠాలు దాన్ని త్వరత్వరగా ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మార్చేస్తుంటాయి. ఫోన్ చేసేటప్పుడు పంపిన మొత్తం, సమయం, యాప్‌లో కనిపించే 12 అంకెల యూటీఆర్ నంబరు చేతిలో ఉంచుకోండి. `cybercrime.gov.in` లో కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. చాటింగ్ తుడిచేయకండి. ప్రకటన పేజీని అడ్రసుతో సహా స్క్రీన్‌షాట్ తీసుకోండి, ఎందుకంటే ఆ సైట్ ఏ రోజైనా మాయమవుతుంది. నిలిపివేసిన డబ్బును తెలంగాణలో లోక్ అదాలత్ ద్వారా బాధితులకు తిరిగి ఇప్పిస్తున్నారు. ఈ పని చేసిపెడతానని ఎవరైనా ఫోన్ చేసి ఫీజు అడిగితే, వాడు కూడా ఆ ముఠావాడే అనుకోండి.