ముప్ఫై మూడేళ్లు నిండనివారి పింఛను

బ్యాంకులో రిటైరైనవారి పింఛను కాగితంలో అందరూ ముందు చూసేది చివరి వరుసలో ఉన్న రూపాయల అంకె. నేనైతే పై వరుసల్లో ‘అర్హత సర్వీసు’ అని రాసిన గడి చూస్తాను. అక్కడ 33 అని ఉంటే లెక్కలో పెద్ద చిక్కేమీ ఉండదు. 30 అనో, 29 అనో ఉంటే మాత్రం ఆ అంకె ఎలా వచ్చిందో కూర్చుని చూడాల్సిందే. ఒక్క అంకె అటూ ఇటూ అయితే ఆ తేడా బతికున్నన్నాళ్లూ నెలనెలా వెంట వస్తుంది.

ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో 2010 ఏప్రిల్ 1కి ముందు చేరి, పింఛనుకు ఆప్షన్ ఇచ్చినవారికి 1995 నాటి పెన్షన్ రెగ్యులేషన్లు వర్తిస్తాయి. వాటి ప్రకారం పూర్తి పింఛనుకు 33 ఏళ్ల సర్వీసు కావాలి. అరవయ్యో ఏట రిటైర్మెంట్ కాబట్టి ఇరవై ఏడు లోపు ఉద్యోగంలో చేరినవారికే అది నిండుతుంది. భర్త పోతే కారుణ్య నియామకంలో వచ్చినవారు, సైన్యంలో పనిచేసి వచ్చినవారు, నాలుగైదు పరీక్షలు రాసి ముప్ఫై దాటాక చేరినవారు ఎలాగూ తక్కువ పడతారు. అలాంటివారికి ఇచ్చేదే ప్రొరేటా పింఛను, అంటే చేసిన ఏళ్లకు తగిన వాటా.

సూత్రం చాలా తేలిక. చివరి పది నెలల వేతనం సగటు తీసి, అందులో సగాన్ని 33తో భాగించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. ఈ సగటులో డీఏ కలవదు. లెక్క సులువుగా సాగడానికి ఒకామె సగటు వేతనం 66,000 అనుకుందాం. సగం 33,000. అంటే ఆమె పనిచేసిన ఒక్కో ఏడాదికి వెయ్యి రూపాయల బేసిక్ పింఛను. ముప్ఫై ఏళ్లయితే 30,000, ఇరవై తొమ్మిదైతే 29,000. పింఛను మీద వచ్చే డీఏ ఈ బేసిక్ మీదే లెక్కకడతారు. కమ్యుటేషన్ చేసుకునే భాగం కూడా ఇందులో మూడో వంతుకు మించకూడదు. ఏడాది తగ్గితే పోయేది ఒక్క వెయ్యి కాదు.

మరి ఎవరి ఉద్యోగమూ సరిగ్గా ఏళ్ల లెక్కన ముగియదు కదా. చివర మిగిలే నెలల సంగతేమిటి? రెగ్యులేషన్లు దీనికి ఒకే మాట చెబుతాయి. మిగిలిన కాలం ఆరు నెలలకు మించితే ఏడాదిగా తీసుకోవాలి. ఆరు నెలలు, అంతకంటే తక్కువ అయితే వదిలెయ్యాలి. ‘మించితే’ అన్న మాట దగ్గర ఆగి చూడండి. సరిగ్గా ఆరు నెలలుంటే ఏడాది రాదు. ఆరు నెలల మీద ఒక్కరోజు ఉంటే వస్తుంది.

పైన అనుకున్న ఆమె 1995 జనవరి 2న చేరిందనుకుందాం. పుట్టింది 1964 జూలై 2. అరవై నిండిన నెల చివరి రోజున, అంటే 2024 జూలై 31న, రిటైరవుతుంది. 2024 జనవరి 1కి ఇరవై తొమ్మిదేళ్లు నిండాయి. అక్కణ్ణించి జూలై 1కి ఆరు నెలలు, ఆపైన ముప్ఫై రోజులు. ఆరు నెలలు దాటింది కాబట్టి సర్వీసు ముప్ఫై ఏళ్లు.

ఇప్పుడు పుట్టినరోజు ఒక్కరోజు ముందుకు జరిపి చూడండి. నెల ఒకటో తేదీన పుట్టినవారు దాని ముందు నెల ఆఖరి రోజునే రిటైరవుతారు. ఆమె రికార్డులో జూలై 1 అని ఉంటే జూన్ 30నే ఇంటికి వెళ్లాలి. అప్పుడు సర్వీసు ఇరవై తొమ్మిదేళ్ల ఆరు నెలలకు ఒక్కరోజు తక్కువ. లెక్కలో ఇరవై తొమ్మిదే. మా తరంలో ఎంతోమందికి బడిలో వేసేటప్పుడు మాస్టారు తోచిన తేదీ రాసేశారు. ఆ రాతకు అరవై ఏళ్ల తర్వాత నెలకు వెయ్యి రూపాయల ధర పడడం నాకు బాధగానే ఉంటుంది. కానీ రిటైరయ్యే ముందు ఆ తేదీని మార్పించుకోవడం దాదాపు జరిగే పని కాదు.

దానికంటే ఎక్కువగా దెబ్బ తీసేది లాస్ ఆఫ్ పే. జీతం ఉన్న సెలవులన్నీ సర్వీసులో కలుస్తాయి. జీతం లేని సెలవు కలవదు. పిల్లవాడి జబ్బుకో, కాన్పు తర్వాతో సెలవులు అయిపోయి ఆమె ఎప్పుడో నలభై రోజులు జీతం లేకుండా ఉండిపోయిందనుకోండి. జూలై 2న పుట్టి, జూలై 31న దిగినా, ఆ నలభై రోజులు తీసేస్తే ఆరు నెలలకు పది రోజులు తక్కువ పడుతుంది. నలభై రోజుల సెలవు ఒక ఏడాదిని తీసుకుపోయింది. అదే నలభై రోజులు సరిగ్గా ముప్ఫై మూడేళ్ల తొమ్మిది నెలలు చేసినవారి విషయంలో ఏమీ చెయ్యవు.

ఈ లెక్క వేసే వరుస కూడా ముఖ్యం. ముందు మొత్తం సర్వీసు ఏళ్లు, నెలలు, రోజుల్లో రాయాలి. అందులోంచి లెక్కకు రాని రోజులు తీసెయ్యాలి. ఏడాదికి సర్దడం చివర్లో, ఒక్కసారే. ముందే ముప్ఫైకి సర్ది, ఆ తర్వాత నలభై రోజులు తీసి ‘ఇరవై తొమ్మిదేళ్ల చిల్లర’ అని చూపినా తప్పే, మధ్యలో ఒక్కో కాలాన్ని విడివిడిగా సర్దినా తప్పే. మీ కాగితంలో ఏళ్లు మాత్రమే ఉండి నెలలు, రోజులు లేకపోతే అవి చూపమని అడగండి.

వేరే ఉద్యోగులు చెప్పిన లెక్క మనకు తగిలించుకోవడం వల్ల కూడా గందరగోళం వస్తుంది. రాష్ట్ర ప్రభుత్వ పింఛను నియమాల్లో 33 ఏళ్లను 66 అర్ధసంవత్సరాలుగా చూస్తారు. అక్కడ మూడు నెలలు, ఆపైన ఉంటే ఒక అర్ధసంవత్సరం. కేంద్ర ప్రభుత్వ పాత పింఛనులో అయితే ఆరో వేతన సంఘం తర్వాత 33 ఏళ్ల ముడే తీసేశారు. ఈపీఎఫ్ పింఛనులో ఆరు నెలలు సరిగ్గా ఉన్నా ఏడాదే. బ్యాంకు నియమం వీటిలో దేనికీ సరిపోలదు.

స్వచ్ఛంద విరమణ తీసుకునేవారికి ఇంకొక వెసులుబాటు ఉంది. ఇరవై ఏళ్ల అర్హత సర్వీసు ఉన్నవారికి ఐదేళ్ల వరకు కలుపుతారు. అలా కలిపినా మొత్తం 33 దాటకూడదు, అరవై ఏళ్ల తేదీని కూడా దాటకూడదు. యాభై రెండేళ్లకు ఇరవై నాలుగేళ్ల సర్వీసుతో దిగితే ఐదూ కలిసి ఇరవై తొమ్మిది. యాభై ఏడేళ్లకు దిగితే మిగిలిన మూడే కలుస్తాయి. వేతనం మాత్రం దిగిన నాటిదే తీసుకుంటారు, పెంచి చూపరు. ఇరవై నిండడానికి కొన్ని నెలలుండగా ‘ఎలాగూ సర్దుతారులే’ అని నోటీసు ఇవ్వడం మాత్రం నేనెవరికీ చెప్పను. రోజులతో సహా ఇరవై నిండాకే రాయండి.

నలభై రోజుల ఆమె దగ్గరికి మళ్లీ వస్తే, ఆమెకు ఒక దారి ఉంది. జీతం లేని సెలవును, మొత్తం ఉద్యోగ కాలంలో పన్నెండు నెలలకు మించకుండా, సర్వీసుగా పరిగణించమని సెలవు మంజూరు చేసే అధికారి ఆదేశించవచ్చు. ఆ ఆదేశం నోటిమాటగా ఉంటే చెల్లదు, సర్వీసు ఫైల్లో ఉండాలి. అందుకే రిటైర్మెంట్‌కు ఏడాది ముందే సెలవుల స్టేట్‌మెంట్ తీసుకుని, జీతం లేని రోజులు ఏ సంవత్సరం, ఏ బ్రాంచిలో ఉన్నప్పుడు వచ్చాయో గుర్తు పెట్టుకోవాలి. నిజానికి జీతం ఇచ్చిన సెలవు కూడా నమోదులో పొరపాటున లాస్ ఆఫ్ పేగా పడి ఉండవచ్చు. ఆ నెల పేస్లిప్ దొరికితే అదే రుజువు. అప్పట్లో మంజూరు చేసిన ఉత్తరంలో ‘సర్వీసుగా పరిగణించాలి’ అన్న ఒక్క వాక్యం కనిపిస్తే, ఆమె గడిలో 29 పోయి 30 వస్తుంది.