ఆడియో మెనూలో తెలుగు ఎందుకు కనిపించదు?

‘ఆర్ఆర్ఆర్’ తీసింది తెలుగులో. అయినా 2022 మే నెలలో నెట్‌ఫ్లిక్స్‌లో ఆ సినిమా పెట్టుకున్నవాళ్లకి వినిపించింది హిందీ. అమెరికాలో ఉన్న మన పిల్లలు అక్కడి స్నేహితులకు చూపిద్దామని కూర్చుని, ఆడియో మెనూ ఎంత వెతికినా తెలుగు దొరకలేదు. టీవీ పాడైందేమో, యాప్ పాతదేమో అనుకున్నవాళ్లు ఉన్నారు. టీవీకీ యాప్‌కీ ఏ జబ్బూ లేదు. ఆ సినిమా డిజిటల్ హక్కుల్ని భాషలవారీగా విడదీసి అమ్మారు. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం జీ5కి వెళ్లాయి. హిందీతో పాటు ఇంగ్లిష్, పోర్చుగీస్, కొరియన్, టర్కిష్, స్పానిష్ నెట్‌ఫ్లిక్స్‌కి వెళ్లాయి. రామ్‌చరణ్ టర్కిష్‌లో మాట్లాడే ఏర్పాటు ఉంది గానీ, తన సొంత గొంతుతో తెలుగులో మాట్లాడే ఏర్పాటు మాత్రం అక్కడ లేదు!

కాబట్టి తెలుగు కనబడనప్పుడు మొదట తేల్చుకోవాల్సింది, ఆ ట్రాక్ ఆ సంస్థ దగ్గర అసలు ఉందా లేదా అన్నది. డబ్బింగ్ ఎప్పుడో జరిగి థియేటర్లలో ఆడినంత మాత్రాన సరిపోదు. మీరున్న దేశంలో ఆ భాషను చూపించే హక్కు కూడా ఆ సంస్థకు ఉండాలి. సబ్‌టైటిల్స్ సంగతీ అంతే. ఒక దేశంలో ఉన్నవి ఇంకో దేశంలో ఉంటాయన్న హామీ లేదు. ఇలా హక్కుల దగ్గర ఆగిపోయినప్పుడు సెట్టింగులతో ఎంత కుస్తీ పట్టినా ఫలితం ఉండదు. ఆ భాష హక్కు ఎవరికి దక్కిందో చూసి అక్కడికి వెళ్లడమే మార్గం.

రెండో రకం చిక్కు వేరు. ట్రాక్ ఉంటుంది, మెనూ చూపించదు. నెట్‌ఫ్లిక్స్ మీ ప్రొఫైల్ భాషనూ మీరున్న చోటునూ బట్టి, మీకు పనికొస్తాయనుకున్న కొన్ని భాషలనే ముందు పెడుతుంది. టీవీల్లో ఈ కోత చాలాకాలం ఎక్కువగా ఉండేది. ఉన్న భాషలన్నీ టీవీలోనూ చూపిస్తామని ఆ సంస్థ ప్రకటించింది 2025లోనే. పరీక్షించాలంటే కంప్యూటర్ బ్రౌజర్‌లో నెట్‌ఫ్లిక్స్ తెరిచి, పైన ఉండే Browse by Languages నొక్కండి. అక్కడ డబ్బింగ్‌కో సబ్‌టైటిల్స్‌కో తెలుగు ఎంచుకుంటే, తెలుగులో ఉన్నవి వరుసగా వస్తాయి. మీ సినిమా ఆ వరుసలో ఉండి టీవీలో తెలుగు రాకపోతే, అది హక్కుల గొడవ కాదు. ప్రొఫైల్ భాషల్లో తెలుగు చేర్చి, యాప్‌ను మూసి మళ్లీ తెరవండి. ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకున్న సినిమాను బట్టి మాత్రం తీర్పు చెప్పొద్దు. జాగా ఆదా కోసం డౌన్‌లోడ్‌తో ఒకటి రెండు భాషలే దిగుతాయి. మిగతావి ఉన్నాయో లేదో నెట్ ఉన్నప్పుడు నేరుగా ఆడించి చూడాలి.

ప్రైమ్ వీడియోలో ఇంకో తమాషా. మన దేశంలో అక్కడ చాలా సినిమాలకు ఒక్కో భాషకు ఒక్కో పేజీ పెట్టారు. హిందీ పేజీ తెరిచి ఆడియో మెనూలో తెలుగు కోసం చూస్తే ఉండదు. సినిమా పేరు పక్కన Telugu అని చేర్చి వెతికితే వేరే పేజీగా బయటపడుతుంది. లేదని తేల్చేసేముందు ఈ ఒక్క వెతుకులాటా చేయడం మంచిది.

పెన్‌డ్రైవ్‌లోని ఫైలుదైతే అసలు వేరే కథ. ఎంకేవీ ఫైలు అరల పెట్టెలాంటిది. ఒకే వీడియో పక్కన నాలుగైదు ఆడియోలు, సబ్‌టైటిల్స్ విడివిడిగా ఇముడుతాయి. టీవీ ఆ పెట్టెను తెరవగలిగినా, లోపలి ఆడియో ఏ పద్ధతిలో ఉందో దానికి తెలియకపోతే ఆ భాషను పక్కన పెట్టేస్తుంది, లేదా బొమ్మ వచ్చి మాట రాదు. డీటీఎస్ ఆడియోతో చాలా టీవీల్లో వచ్చే ఇబ్బంది ఇదే. బ్లూరే డిస్కుల నుంచి తీసిన సబ్‌టైటిల్స్ అక్షరాలు కావు, చిన్న చిన్న బొమ్మలు. కొన్ని టీవీలు వాటిని పట్టించుకోవు.

ఫైలులో ఏముందో చూడాలంటే కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌తో తెరిచి Ctrl+J నొక్కండి. Stream 0, Stream 1 అంటూ లోపలివన్నీ వస్తాయి. ప్రతిదాని కింద అది వీడియోనా, ఆడియోనా, సబ్‌టైటిలా అన్నది Type దగ్గర, భాష Language దగ్గర ఉంటుంది. ఆడియోలు రెండుండి ఒకదానికి Telugu అని ఉంటే ట్రాక్ ఉన్నట్టే. దాని Codec వరుసలో DTS కనబడితే దోషి ఎవరో దొరికినట్టే. ఫైలు తయారుచేసినవాళ్లు భాష పేరు రాయకపోతే మెనూలో ఉత్త Track 1, Track 2 అనే ఉంటాయి. అప్పుడు Audio మెనూలో ఒక్కోటీ మార్చి చెవులతో వినాల్సిందే. ఉన్నది ఒకే ఒక్క ఆడియో, అదీ హిందీ అయితే, ఆ ఫైలులోంచి తెలుగును ఏ ప్లేయరూ తీయలేదు.