ధర పెరిగిందా, పంట పెరిగిందా?

ఒక రైతు 2023-24లో వంద క్వింటాళ్ల సాధారణ రకం వడ్లను మద్దతు ధరకు అమ్మాడనుకుందాం. ఆ ఏడాది క్వింటాలు ధర రూ. 2,183. చేతికొచ్చింది రూ. 2,18,300. మరుసటి ఏడాది మద్దతు ధర రూ. 2,300 అయింది. అతను మళ్లీ వంద క్వింటాళ్లే పండించి, మద్దతు ధరకే అమ్మితే రూ. 2,30,000 వస్తాయి. రాబడి 5.4 శాతం పెరిగింది, పంట మాత్రం ఒక్క గింజ కూడా పెరగలేదు.

దేశం లెక్కలోనూ ఇదే చిక్కు ఉంది. ఏడాదిలో తయారైన వస్తువులను, సేవలను ఆ ఏటి ధరల్లోనే లెక్కగడితే వచ్చేది నామమాత్ర జీడీపీ. ధరలను ఒక పాత సంవత్సరం దగ్గర నిలిపి ఉంచి లెక్కగడితే వచ్చేది వాస్తవ జీడీపీ. 2011-12ను ఆధార సంవత్సరంగా తీసుకున్న శ్రేణిలో, 2025 మే నెలాఖరున కేంద్ర గణాంక శాఖ ప్రకటించిన అంకెలు ఇలా ఉన్నాయి (లక్షల కోట్ల రూపాయల్లో):

| సంవత్సరం | నామమాత్ర జీడీపీ | వాస్తవ జీడీపీ |
|---|---|---|
| 2022-23 | 268.90 | 161.65 |
| 2023-24 | 301.23 | 176.51 |
| 2024-25 | 330.68 | 187.97 |

వృద్ధి రేటు కట్టడానికి కొత్త అంకెను పాత అంకెతో భాగించి, ఒకటి తీసేసి, వందతో గుణించాలి. 330.68ని 301.23తో భాగిస్తే 1.098 వస్తుంది. అంటే నామమాత్ర వృద్ధి 9.8 శాతం. అలాగే 187.97ను 176.51తో భాగిస్తే 1.065. వాస్తవ వృద్ధి 6.5 శాతం. పత్రికల పతాక శీర్షికల్లో కనిపించింది ఈ రెండో అంకె.

మిగిలినది ధరల వాటా. దాన్ని పట్టిచ్చేదే జీడీపీ డిఫ్లేటర్. నామమాత్ర జీడీపీని వాస్తవ జీడీపీతో భాగించి వందతో గుణిస్తే అది వస్తుంది. 2023-24లో 170.66, మరుసటి ఏడాది 175.92. ఆధార సంవత్సరంలో ఇది 100 కాబట్టి, 2011-12తో పోలిస్తే ధరలు మొత్తం మీద 76 శాతం పెరిగాయన్నమాట. ఒక్క ఏడాదిలో పెరిగింది 3.1 శాతం. 9.8 లోంచి 6.5 తీసేస్తే 3.3 రావాలి కదా అనిపిస్తుంది. ఆ తీసివేత ఉజ్జాయింపుకే పనికొస్తుంది. పెరిగిన ఉత్పత్తి మీద కూడా పెరిగిన ధర పడుతుంది కాబట్టి, సరైన లెక్కకు భాగహారమే చేయాలి.

అదే 2024-25లో వినియోగదారుల ధరల సూచీ ప్రకారం ద్రవ్యోల్బణం సగటున 4.6 శాతం. రెండూ ధరల కొలతలే అయినా ఇంత తేడా ఎందుకు? వినియోగదారుల సూచీ ఇంటి ఖర్చును కొలుస్తుంది, అందులో తిండి బరువు ఎక్కువ. డిఫ్లేటర్ దేశంలో తయారైన ప్రతిదాన్నీ, యంత్రాలను, ఎగుమతులను, ప్రభుత్వ సేవలను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. అందులో చాలా రంగాలకు టోకు ధరల సూచీనే వాడతారు.

ఈ టోకు ధరల దగ్గరే 2023-24లో పెద్ద చర్చ నడిచింది. ఆ ఏడాది టోకు ధరలు సగటున 0.7 శాతం తగ్గాయి, వినియోగదారుల ధరలు 5.4 శాతం పెరిగాయి. డిఫ్లేటర్ పెరుగుదల 2.6 శాతం. నామమాత్ర వృద్ధి 12 శాతం కాబట్టి వాస్తవ వృద్ధి 9.2 శాతంగా తేలింది.

ఇందులో ఉన్న ఇబ్బంది ఒక ఫ్యాక్టరీ లెక్కతో తెలుస్తుంది. వంద రూపాయల సరుకు అమ్మడానికి 60 రూపాయల ముడిసరుకు వాడితే, ఫ్యాక్టరీ చేర్చిన విలువ 40. సరుకు ధర, పరిమాణం మారకుండా ముడిసరుకు ధర మాత్రమే పది శాతం తగ్గి 54కు వస్తే, చేర్చిన విలువ 46 అవుతుంది. ఈ 46ను సరుకు ధరల సూచీ ఒక్కదానితోనే సరిదిద్దితే, ఆ సూచీ మారలేదు కాబట్టి వాస్తవ విలువ 15 శాతం పెరిగినట్టు కనిపిస్తుంది. నిజానికి ఒక్క వస్తువు కూడా అదనంగా తయారు కాలేదు. ముడిసరుకును దాని సొంత ధరల సూచీతో విడిగా సరిదిద్దితే 54 మళ్లీ 60 అవుతుంది, చేర్చిన విలువ 40 దగ్గరే నిలుస్తుంది. మొదటిది ఒంటి సవరణ, రెండోది జంట సవరణ. 2011-12 శ్రేణిలో తయారీ రంగానికి వాడింది మొదటిదే.

ముడిసరుకు ధరలు పెరిగే ఏడాదిలో ఈ పొరపాటు తిరగబడి, వాస్తవ వృద్ధి తక్కువగా కనిపించవచ్చు. అందుకే వృద్ధి అంకె వెలువడినప్పుడు పాఠకుడు రెండు జీడీపీల నుంచి డిఫ్లేటర్‌ను తానే కట్టుకుని, దాన్ని టోకు, వినియోగదారుల సూచీల పక్కన పెట్టి చూడాలి. ఆ రెండు సూచీలు ఎడమొహం పెడమొహంగా ఉన్న ఏడాది, 2023-24లాగా, వాస్తవ వృద్ధిలో కొంత భాగం ధరల లెక్క నుంచి వచ్చి ఉండవచ్చు. 2024-25లో టోకు ధరలు 2.3 శాతం పెరిగి వినియోగదారుల ధరలకు దగ్గరగా వచ్చాయి, ఆ ఏటి 6.5 శాతానికి ఈ అనుమానం అంతగా అంటదు.