జ్వరం దిగాక వచ్చే ఎర్రమచ్చలు

పదకొండు నెలల పాప, బరువు 8 కిలోలు అనుకుందాం. సోమవారం సాయంత్రం ఉన్నట్టుండి ఒళ్లు కాలిపోతుంది. థర్మామీటరు పెడితే 104. జలుబు లేదు, దగ్గు లేదు, కళ్లు తేటగానే ఉన్నాయి. సిరప్ పోస్తే కాసేపటికి 101కి దిగుతుంది. ఆ కాసేపూ పాప పాలు తాగుతుంది, బొమ్మ అందుకుంటుంది. మందు పని అయిపోగానే మళ్లీ 104. మంగళవారం, బుధవారం కూడా ఇంతే. గురువారం మధ్యాహ్నం ఒళ్లు చల్లబడి, ఇక జ్వరం రాదు. అమ్మయ్య అనుకునేలోపే సాయంత్రం గౌను మార్చబోతే పొట్ట మీదా వీపు మీదా గులాబీ రంగు మచ్చలు కనబడతాయి. నాయనమ్మ చూసి “తట్టు పోసిందే” అంటుంది. గుమ్మానికి వేపమండలు వస్తాయి.

నాయనమ్మ భయం ఉత్తది కాదు. తట్టు, అంటే మీజిల్స్, పసిపిల్లల్లో న్యుమోనియాకూ, మెదడు వాపుకూ దారితీయగల జబ్బు. ఆ పేరు వినగానే గుండె జారిన తరం ఆమెది. కానీ ఈ పాప విషయంలో ఆమె అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. మచ్చలు బయటపడిన వేళకు జ్వరం ఉందా, పోయిందా?

తట్టులో జ్వరం మచ్చలతో పాటే ఉంటుంది. నిజానికి మచ్చలు పొడుచుకొచ్చే వేళకే అది బాగా పెరుగుతుంది. అంతకు ముందు మూడు నాలుగు రోజుల నుంచీ బిడ్డ నలతగా ఉంటుంది. ముక్కు కారుతుంది, పొడి దగ్గు వదలదు, కళ్లు ఎర్రబడి నీరు కారుతూ వెలుతురు చూడలేకపోతాయి. నోరు తెరిపించి బుగ్గల లోపలి వైపు టార్చి వేస్తే, వెనక దంతాల ఎదురుగా ఎర్రటి చర్మం మీద ఉప్పు రవ్వల్లాంటి తెల్లని చుక్కలు కొందరిలో కనిపిస్తాయి. వాటిని కోప్లిక్ మచ్చలంటారు. అవి ఒకటి రెండు రోజులే ఉండి పోతాయి కాబట్టి కనిపించలేదని తట్టు కాదనుకోకూడదు. ఆ తర్వాత చెవుల వెనకా, నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటా మచ్చలు మొదలై, ముఖం నిండి, మెడ మీదుగా ఛాతీకీ, మూడో రోజుకి పాదాలకీ దిగుతాయి. ఒకదానిలో ఒకటి కలిసిపోయి చర్మం గరుకుగా తగులుతుంది. వారం గడిచేసరికి గోధుమ రంగు మరకలుగా మారి, సన్నటి పొట్టు రాలుతుంది.

మన పాపకు ఇవేవీ లేవు. మచ్చలు ఒంటి మీద మొదలయ్యాయి, ముఖం మీద కాదు. రెండు మూడు మిల్లీమీటర్ల చుక్కలు, విడివిడిగా ఉన్నాయి, దురద లేదు, వేలితో నొక్కితే రంగు పోయి మళ్లీ వస్తోంది. అన్నిటికంటే ముఖ్యం, జ్వరం వెళ్లిపోయాక వచ్చాయి. దీని పేరు రోజియోలా. ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లల్లో ఎక్కువ. మచ్చలు ఒకటి రెండు రోజుల్లో, కొన్నిసార్లు గంటల్లోనే, మరక మిగల్చకుండా పోతాయి. చామనఛాయ ఒంటి మీద ఆ గులాబీ రంగు ట్యూబులైటు కింద సరిగా కనిపించదు. పగటి వెలుతురులో చూడాలి.

చాలామందిలో దీనికి కారణం హెర్పిస్ జాతికి చెందిన ఆరో నంబరు వైరస్. ఆ సంగతి తేల్చింది 1988లో జపాన్‌లో కోయిచి యమనిషి బృందం. పెద్దవాళ్లలో దాదాపు అందరిలోనూ ఈ వైరస్ నిద్రాణంగా ఉంటుంది, అప్పుడప్పుడు ఉమ్మిలోకి వస్తుంది. ముద్దాడే ఇంటివాళ్ల నుంచే బిడ్డకు అంటుతుంది, అందులో ఎవరి తప్పూ లేదు. తల్లి నుంచి వచ్చిన రక్షణ ఆరు నెలల తర్వాత తగ్గిపోతుంది, అందుకే ఆ వయసులో పట్టుకుంటుంది. వైరస్ రక్తంలో ఉన్నన్నాళ్లూ జ్వరం ఉంటుంది. దాన్ని ఎదిరించే యాంటీబాడీలు తయారయ్యే సమయానికి జ్వరం దిగి మచ్చలు తేలతాయి. అంటే మచ్చలు వచ్చేసరికి జబ్బు ముగింపుకొచ్చినట్టే.

అసలు కష్టం మొదటి మూడు రోజులది. అప్పుడు మచ్చలుండవు కాబట్టి ఇది రోజియోలా అని ఏ డాక్టరూ చెప్పలేరు. కారణం తెలియని 104 జ్వరంగానే చూడాలి, మూత్ర పరీక్ష లాంటివి అవసరమైతే చేయించాలి. జ్వరం ఒక్కసారిగా ఎగబాకుతుంది గనుక కొందరు పిల్లలకు ఫిట్స్ కూడా వస్తాయి. అప్పుడు బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏదీ పెట్టకూడదు, చేతిలో తాళాలు పెట్టే ప్రయత్నంతో సమయం పోగొట్టకూడదు. అయిదు నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆలోపే ఆగినా, అది మొదటిసారి అయితే అదే రోజు డాక్టరుకు చూపించాలి.

జ్వరం మందులో పొరపాట్లు ఎక్కువగా జరిగేది సీసా దగ్గరే. పారాసిటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగుసార్లకు మించకుండా. 8 కిలోల పాపకు 120 మిల్లీగ్రాములు. సీసా మీద 5 మిల్లీలీటర్లకు 120 అని ఉంటే 5 పోయాలి, 250 అని ఉంటే దాదాపు 2.4 చాలు. రెండు రకాలూ మందుల షాపుల్లో పక్కపక్కనే ఉంటాయి. “ఒక మూత పొయ్యి” అనే కొలత పనికిరాదు.

జ్వరం దిగి మచ్చలు రావడం ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండలేని జబ్బు మన దగ్గర మరొకటుంది, డెంగీ. అందులోనూ మూడు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం తగ్గుతుంది, మచ్చలు రావచ్చు, కానీ ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. తేడా బిడ్డ వాలకంలో ఉంటుంది. రోజియోలా బిడ్డ కాస్త చిరాకుగా ఉన్నా తాగుతుంది, చూస్తుంది, ఆడుతుంది. డెంగీ ముదిరే బిడ్డకు చేతులూ కాళ్లూ చల్లబడతాయి, వాంతులు ఆగవు, పొట్ట ముట్టనివ్వదు, మూత్రం తగ్గుతుంది, మత్తుగా పడి ఉంటుంది. గాజు గ్లాసుతో నొక్కి చూసినా పోని ఎర్రచుక్కలుంటే, అది ఏ జబ్బైనా సరే, తెల్లారేదాకా ఆగకూడదు.

తట్టు అనుమానానికి టీకా కార్డు చూడాలి. ఎంఆర్ టీకా మొదటి డోసు 9 నుంచి 12 నెలల మధ్య, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య వేస్తారు. వేసుకున్నవారికి తట్టు రావడం అరుదు. వస్తే లక్షణాలు తేలికగా, పోల్చుకోలేనట్టుగా ఉండొచ్చు. డోసు వేయించనివారిలో జ్వరంతో పాటు మచ్చలుంటే ఏఎన్ఎంకు చెప్పాలి. రక్తపరీక్షతో తేలుతుంది, విటమిన్ ఎ వరసగా రెండు రోజులు ఇస్తారు. మచ్చలు రాకముందు నాలుగు రోజులూ, వచ్చాక నాలుగు రోజులూ తట్టు గాలి ద్వారా అంటుకుంటుంది కాబట్టి, ఆసుపత్రికి వెళ్లగానే ముందే చెప్పి విడిగా కూర్చోవాలి.

రోజియోలా విషయంలో నాకు బాధ కలిగించేది మరొకటి ఉంది. బుధవారం ఎవరో యాంటీబయాటిక్ మొదలుపెట్టి ఉంటారు. గురువారం మచ్చలు రాగానే “మందు పడలేదు” అని కార్డు మీద రాసేస్తారు. వైరస్‌కు ఆ మందు పనిచేయదు, మచ్చలు దానివల్ల రాలేదు. కానీ ఆ మాట చెరిగిపోదు. పదేళ్ల తర్వాత నిజంగా న్యుమోనియా వచ్చినప్పుడు మంచి మందు పక్కనపెట్టి మరొకటి వెతుకుతారు. అందుకే జ్వరం ఏ రోజు, ఏ వేళకు ఆగిందో, మందు ఎప్పుడు మొదలైందో, మచ్చలు ఎప్పుడు వచ్చాయో ఒక కాగితం మీద రాసి, పగటి వెలుతురులో తీసిన ఫొటోతో డాక్టరుకు చూపించండి. మందు పడలేదని కార్డులో రాయాలో వద్దో ఆ వరుస చూసి వారు నిర్ణయిస్తారు.